లేబుల్ ఫోటోల నుంచి రెండు గంటల దారి

సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్ళ ఫోన్ తీసుకుని ఫోటోలు తిరగేయండి. ముసుగు వేసుకున్న రెబెక్కా ముందు పిల్లల నవ్వులు, గడియారం ముందు జనం వీపులు, మధ్యమధ్య అద్దం మెరుపులో సగం కనబడే లేబుళ్ళు. అక్కడ చదివే తీరిక లేక, ఇంటికెళ్ళాక చదువుదామని తీసినవి. వారం తిరిగేసరికి ఏ లేబుల్ ఏ వస్తువుదో తీసినవాళ్ళకే గుర్తుండదు.

ఆ ఫోటోలు వృథా పోనక్కర్లేదు. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో, బడి పిల్లల్ని తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడో వాటిలోంచే ఒక చిన్న గైడు రాసుకోవచ్చు. మూసీ దక్షిణపు ఒడ్డున దారుల్‌షిఫాలో ఉన్న ఈ మ్యూజియంలో గ్యాలరీలు నలభైకి దగ్గరగా ఉంటాయి. ఒక్క రోజులో అన్నీ చూస్తామనుకున్నవాళ్ళు సాయంత్రానికి కాళ్ళనొప్పులు తప్ప ఏమీ గుర్తులేకుండా బయటపడతారు. కాబట్టి పన్నెండు వస్తువులు, రెండు గంటలు, కాగితానికి రెండు వైపులా సరిపోయే రాత. అంతకు మించితే ఎవరూ చేతిలో పట్టుకుని తిరగరు.

పని ఫోటో తీసేటప్పుడే మొదలవుతుంది. గ్యాలరీ గుమ్మం దగ్గర ముందు గ్యాలరీ పేరున్న బోర్డు తీయాలి. ఆ తర్వాత ప్రతిచోటా మొదట వస్తువు, వెంటనే దాని లేబుల్. ఈ వరస ఎక్కడా తప్పకూడదు. ఫోన్ తీసిన ఫోటోకు IMG_20250112_114532.jpg లాంటి పేరు పెడుతుంది. అందులో తేదీ, గంట, నిమిషం, సెకను ఉంటాయి. పేర్ల వరసన పేర్చితే చాలు, ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డు దాకా ఉన్నవన్నీ ఒకే గ్యాలరీవని తేలిపోతుంది. ఒకే అద్దాల బీరువాలో పది వస్తువులుండి, వాటన్నిటికీ కలిపి నంబర్లతో ఒకే లేబుల్ ఉంటే, నంబర్లు కనబడేలా బీరువా మొత్తాన్ని ఒక ఫోటో తీయాలి. లేకపోతే ఏడో నంబరు కత్తో, చెంచానో ఇంటి దగ్గర తేలదు. అద్దం మీద వెలుగు పడుతుంటే ఎదురుగా కాక కొంచెం పక్కనుంచి తీస్తే అక్షరాలు వస్తాయి. ఫ్లాష్ మాత్రం వద్దు. పాత బట్టలకు, రాతప్రతులకు వెలుగే శత్రువు. పైగా అద్దం మీద ఫ్లాష్ పడితే మిగిలేది తెల్లటి మచ్చే. ఫోన్‌తో ఫోటోలు తీయడానికి ఏ నిబంధనలున్నాయో టికెట్ల దగ్గరే అడిగి తెలుసుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది వాట్సాప్ దగ్గర. బావ తీసినవి, పిన్ని తీసినవి అన్నీ కుటుంబం గ్రూపులోకి వస్తాయి. అలా వచ్చిన ఫోటోల పేర్లు IMG-20250114-WA0007.jpg అన్నట్టు మారిపోతాయి. తీసిన గంట, నిమిషం పోయి, పంపిన రోజు, పంపిన వరస మిగులుతాయి. చిన్న అక్షరాలు కూడా అలుక్కుపోతాయి. అదే వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమంటే అసలు ఫైలే వస్తుంది. ఈ ఒక్క మాట ముందే చెబితే ఒక పూట పని తప్పుతుంది.

ఆ తర్వాత లేబుళ్ళను అక్షరాల్లోకి దింపాలి. ఫోటోలోని రాతను కాపీ చేసిచ్చే సదుపాయం ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఉంది. దాన్ని వాడుకోండి గానీ అంకెల దగ్గర నమ్మకండి. 3 ఒక్కోసారి 8 అవుతుంది, 1 కాస్తా ఇంగ్లీషు ఎల్ అవుతుంది. ఎక్సెల్ లాంటి పట్టికలో ఒక్కో వస్తువుకు ఒక్కో వరస పెట్టుకోండి: గ్యాలరీ, వస్తువు పేరు, ఎక్కడిది, ఎప్పటిది, దేంతో చేసింది, మ్యూజియం నంబరు, ఫోటో పేరు. లేబుల్ మాటలకు ఒక గడి, మీరు రాయబోయే మాటలకు వేరే గడి. ఈ రెండూ కలవకూడదు. కలిస్తే ఏది మ్యూజియం చెప్పిందో, ఏది మన ఊహో నెల తర్వాత మనకే తెలియదు.

కాలం గడి నింపేటప్పుడు రెండింతలు జాగ్రత్త కావాలి. 19వ శతాబ్దం అంటే 1801 నుంచి 1900 దాకా. దాన్ని "1900ల నాటిది" అని రాసేస్తే వందేళ్ళు తేడా వస్తుంది. ఇంగ్లీషు లేబుల్లో ఏడాదికి ముందు చిన్న 'సి' అక్షరం ఉంటే "ఆ ప్రాంతంలో" అని అర్థం. దాన్ని వదిలేస్తే అంచనా కాస్తా రుజువైన తేదీ అయిపోతుంది. హిజ్రీ సంవత్సరం ఒక్కటే ఉంటే దాన్ని 0.97తో హెచ్చించి 622 కలపండి. 1050కి 1018.5 వస్తుంది, 622 కలిపితే 1640.5, అంటే 1640-41. మ్యూజియం నంబరును తయారైన ఏడాదిగా పొరబడేవాళ్ళూ ఉన్నారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాల్లో చాలావాటి నంబర్లు 1880తో మొదలవుతాయి. అది ఆ రాళ్ళు ఆ మ్యూజియం లెక్కల్లోకి ఎక్కిన ఏడాది. చెక్కింది దాదాపు రెండువేల ఏళ్ళ కిందట.

సాలార్‌జంగ్‌లో ఇంకో చిక్కుంది. లేబుల్ మీద "సాలార్‌జంగ్" అని ఉంటే ఏ సాలార్‌జంగ్? మొదటివారు మీర్ తురాబ్ అలీఖాన్, రెండోవారు మీర్ లాయక్ అలీఖాన్, మూడోవారు మీర్ యూసుఫ్ అలీఖాన్. ముగ్గురూ నిజాముల దగ్గర దివాన్లే. వస్తువుల్లో ఎక్కువభాగం సేకరించింది 1949లో కన్నుమూసిన మూడోవారు. కానీ రెబెక్కాను 1876లో రోములో కొన్నది మొదటివారు. మ్యూజియంలో తూర్పు బ్లాకుకు మొదటివారి పేరు, పడమటి బ్లాకుకు రెండోవారి పేరు ఉన్నాయి. గైడులో ఉత్త "సాలార్‌జంగ్" అని ఎక్కడా రాయకండి.

ఇక విషయాలవారీగా విడదీయడం. ఇక్కడ లేబుల్లోని ఒక్క మాట పట్టుకుని పోతే బోల్తాపడతాం. జేడ్ గ్యాలరీలో జహంగీర్ బాకు ఉంది, నూర్జహాన్ కత్తి ఉంది. రెండింటినీ "ఆయుధాలు" కింద పడేయడం తేలిక. కానీ నూర్జహాన్‌ది పండ్లు కోసుకునే కత్తి. అదే గ్యాలరీలో షాజహాన్ బిరుదు చెక్కిన, విలుకాళ్ళు వేలికి తొడుక్కునే ఉంగరం ఉంది. ఇల్‌టుట్‌మిష్ పేరున్న జేడ్ రెహాల్ కూడా ఉంది. రెహాల్ అంటే గ్రంథం పెట్టుకుని చదువుకునే పీట. వస్తువు రకాన్నిబట్టి పంచితే ఈ నాలుగూ మూడు దిక్కులకు పోతాయి. "పాదుషాల పేరు మోస్తున్న జేడ్" అంటే నాలుగూ ఒక్కచోటికి వస్తాయి, చూసేవాళ్ళకు ఒక కథ దొరుకుతుంది. విషయం పేరులో ఒక ప్రశ్న దాగి ఉండాలి. "శిల్పాలు" అన్నది విషయం కాదు, అల్మరా పేరు.

రెండో విషయం "కంటికి టోకరా". ఇందులో రెబెక్కా, దానికి జోడీగా కర్రతో చెక్కిన ఇద్దరు మనుషుల విగ్రహం. ముందునుంచి చూస్తే గోథే రాసిన ఫౌస్ట్‌లోని మెఫిస్టోఫిలీజ్, వెనక అద్దంలో చూస్తే తలవంచిన మార్గరెట్టా. మూడో విషయం "దక్కన్ చేతిపని": బిద్రీ సామాను, కలంకారీ, దక్కనీ చిత్రాలు. నా లెక్కలో మూడు విషయాలు చాలు. నాలుగోది పెడితే ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. గైడును విషయాల వరసన నడపాలా, గ్యాలరీల వరసనా? విషయాల వరసన నడిపితే చదవడానికి బాగుంటుంది, నడవడానికి నరకం. దక్కన్ చేతిపని పూర్తిచేయడానికి ఒక గ్యాలరీకి మూడుసార్లు తిరిగి రావాల్సి వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న నాన్నమ్మను పదే పదే మెట్లెక్కించలేం. అందుకే వరస ఎప్పుడూ గ్యాలరీలదే. విషయం ప్రతి వస్తువు పక్కన ఒక రంగు చుక్కగా ఉంటే చాలు: జేడ్‌కు ఆకుపచ్చ, టోకరాకు ఎరుపు, దక్కన్‌కు పసుపు. పట్టికలో "దారి" అని ఒక గడి కలిపి, నడిచే వరసలో 1 నుంచి 12 దాకా అంకెలు వేసి ఆ గడి ప్రకారం పేర్చండి. బొమ్మలో ఒకచోట, నడకలో ఇంకోచోట ఉండేవి అప్పుడే బయటపడతాయి.

ఈ మ్యూజియంలో దారిని శాసించేది గడియారం. కుక్ అండ్ కెల్వీ పేరున్న ఆ సంగీత గడియారంలో గంటకోసారి గడ్డంమనిషి బయటికి వచ్చి గంట కొట్టి వెళ్తాడు. మధ్యాహ్నం పన్నెండింటికి పన్నెండు దెబ్బలు, అందుకే అప్పుడే జనం ఎక్కువ. పదకొండుకు లోపలికి వెళ్తే ముందు జేడ్, ఆ తర్వాత దగ్గర్లోని దక్కన్ వస్తువులు, పన్నెండుకు పది నిమిషాల ముందు గడియారం. కూర్చోవడానికి కూడా అదే చోటు, కాబట్టి విశ్రాంతిని అక్కడే కలిపేయండి. టోకరా చుక్కలున్నవి పన్నెండు దాటాక. వస్తువుకు నాలుగు నిమిషాల చొప్పున పన్నెండింటికి 48 నిమిషాలు; మిగతాదంతా నడకకూ, గడియారం దగ్గర కూర్చోవడానికీ, పిల్లల అవసరాలకూ పోతుంది.

చివరికి రాత. రెబెక్కా లేబుల్ నుంచి మనకు దొరికేవి పేరు, శిల్పి బెంజోని, దేశం, ఏడాది. గైడులో అది ఇలా రావచ్చు: "కాబోయే భర్త ఇస్సాకు ఎదురుపడినప్పుడు రెబెక్కా ముసుగు వేసుకుందని బైబిల్ చెబుతుంది. ఇటలీ శిల్పి బెంజోని ఆ ముసుగునూ ముఖాన్నీ ఒకే పాలరాయిలో చెక్కాడు. పక్కకు వెళ్ళి ముక్కు దగ్గర చూడండి, బట్ట ఎక్కడ ఆగి ముఖం ఎక్కడ మొదలైందో చెప్పగలరా? మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు." ముప్ఫై మాటలు దాటింది, అయినా పర్వాలేదు. ఎక్కడ నిలబడాలో, ఏం వెతకాలో చెప్పే ఒక్క వాక్యం లేకపోతే అది గైడు కాదు, లేబుల్‌కు నకలు. "ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే" అని మాత్రం రాయకండి, ఎవరు చెప్పినా సరే. బెంజోని ఇదే విగ్రహాన్ని చాలాసార్లు చెక్కాడు. అట్లాంటాలోని హై మ్యూజియంలో ఒకటుంది, ఆ ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళు వెళ్ళి చూడొచ్చు.

రాసినదాన్ని ముందు ఆ ఫోటోలు తీయనివాళ్ళ చేతికివ్వండి. వాళ్ళు మిమ్మల్ని అడక్కుండా ఆరో వస్తువు దగ్గరికి చేరితే దారి సరిగ్గా ఉన్నట్టు. గ్యాలరీలు మరమ్మతులకు మూస్తుంటారు, వస్తువులు చోటు మారుతుంటాయి. అందుకే కాగితం అడుగున ఫోటోలు తీసిన తేదీ వేయండి, పన్నెండుకు తోడు మరో రెండు వస్తువులు అదనంగా పెట్టుకోండి. లేబుల్ మాటల్ని ఉన్నవున్నట్టు అచ్చువేసి పంచాలనుకుంటే మ్యూజియం అనుమతి అడగాలి. సొంత మాటల్లో రాసుకుని ఇంట్లోవాళ్ళకు ఇస్తే ఆ బాధ లేదు. బయల్దేరే ముందు వారం చూసుకోండి: శుక్రవారం మ్యూజియానికి సెలవు.