చవక లీడు, ఖరీదైన అమ్మకం

హైదరాబాద్‌లో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు ఒక నెల ఫేస్‌బుక్ ప్రకటనలకు 20,000, ప్రాపర్టీ పోర్టల్‌కు 20,000 రూపాయలు పెట్టారనుకుందాం. ఫేస్‌బుక్‌లో 200 మంది వివరాలిచ్చారు. లీడుకు 100 రూపాయలు పడింది. పోర్టల్‌లో 40 మందే, లీడుకు 500. కానీ ఫ్లాటు కొన్నవారు ఫేస్‌బుక్ నుంచి ఒకరు, పోర్టల్ నుంచి ఇద్దరు. అంటే అమ్మకానికైన ఖర్చు పోర్టల్‌లోనే సగం.

అయినా డబ్బు మళ్లించే ముందు ఎప్పుడు ఫోన్ చేశారో చూడాలి. పోర్టల్ లీడుకు పది నిమిషాల్లో, ఫేస్‌బుక్ లీడుకు మర్నాడు చేసి ఉంటే, లోపం ప్రకటనది కాక ఆలస్యానిది కావచ్చు. రెండింటికీ ఒకే వేగంతో ఫోన్ చేసి మళ్లీ లెక్కించాలి. ఇల్లు కొనడానికి నెలలు పడుతుంది కాబట్టి అమ్మకాన్ని లీడు వచ్చిన నెల ఖాతాలోనే రాయాలి. ఈలోగా సైటు చూడటానికి వచ్చినవారి సంఖ్యను పోల్చుకోవచ్చు.