పాత కారు కొన్నారా? ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి

సర్వీసు వివరాలు తెలియని పాత కారు కొన్నవాళ్లు ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించి ఊరుకుంటారు. అదీ అవసరమే. కానీ నా లెక్కలో మొదటి వంతు బ్రేక్ ఆయిల్‌ది. అది ఏళ్ల తరబడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. దాదాపు 3.7 శాతం నీరు చేరితే 155 డిగ్రీలకే మరగొచ్చు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాగి, ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. డబ్బాలో పైపైన కొత్తది పోస్తే చాలదు. నాలుగు చక్రాల దగ్గరా బ్లీడ్ చేయించి, పాతదంతా బయటికి తీయించాలి. రిజర్వాయర్ మూతపై రాసిన గ్రేడే, సీలు తీయని డబ్బాలోంచి పోయించండి. కూలెంట్, గేర్ ఆయిల్ ఆ తర్వాత. ఈ పని అయ్యేదాకా ఘాట్ రోడ్డు ఎక్కకండి.