చెక్కు ఆపించాలంటే తెల్లారేదాకా ఆగొద్దు

చెక్కు రాసి ఇచ్చాక మనసు మార్చుకోవలసి వస్తే మన పెద్దలు చెప్పే మాట ఒకటుంది: "రేపు పొద్దున్నే బ్యాంకుకెళ్లి స్టాప్ పేమెంట్ పెట్టు." ఒకప్పుడు ఆ సలహా సరిపోయేది. అవతలివాళ్లు తమ బ్యాంకులో చెక్కు వేస్తే అది క్లియరింగ్‌కు వచ్చి మన ఖాతాలో డబ్బు తెగేసరికి సాధారణంగా మర్నాడయ్యేది. 2025 అక్టోబరు 4 నుంచి రిజర్వ్ బ్యాంకు ఈ పద్ధతి మార్చింది. చెక్కులను పొద్దుటి నుంచి వచ్చినవి వచ్చినట్టే స్కాన్ చేసి పంపుతున్నారు. మన బ్యాంకు ఆ బొమ్మ చూసి, చెల్లిస్తానో తిప్పి పంపుతానో అదే రోజు సాయంత్రం 7 గంటల్లోగా చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పొద్దున వేసిన చెక్కుకు సాయంత్రానికల్లా డబ్బు వెళ్లిపోవచ్చు. రేపు చూద్దాంలే అనుకుంటే అప్పటికి ఆపడానికి చెక్కే మిగలకపోవచ్చు.

చెక్కును ఎప్పటిదాకా ఆపవచ్చు? బ్యాంకు డబ్బు చెల్లించేదాకా. చెక్కు అంటే మన డబ్బు ఫలానావాళ్లకు ఇవ్వమని మన బ్యాంకుకు మనం రాసే ఆజ్ఞ. ఆ ఆజ్ఞ అమలయ్యేలోపు వెనక్కి తీసుకునే హక్కు రాసినవారికి ఉంటుంది. అమలయ్యాక ఉండదు. క్లియరింగ్‌కు వచ్చే చెక్కుకు ఎంత లేదన్నా కొన్ని గంటలు పడుతుంది. క్రాస్ చేయని బేరర్ చెక్కుకు అదీ లేదు. పట్టుకెళ్లినవాళ్లు కౌంటర్‌లో నిలబడి నిమిషాల్లో నగదు తీసుకోవచ్చు. మన బ్యాంకులోనే ఖాతా ఉన్నవాళ్లకు ఇచ్చిన చెక్కయితే క్లియరింగ్ ప్రసక్తే లేదు, కౌంటర్‌లో ఇచ్చిన కాసేపటికే జమ కావచ్చు. అందుకే సంతకం పెట్టిన బేరర్ చెక్కు పోయిందని తెలిసిన క్షణం బీరువాలన్నీ మళ్లీ వెతకడం కన్నా ముందు దాన్ని ఆపించాలి. దొరికితే ఆ ఆపు తర్వాత ఎత్తించుకోవచ్చు.

చాలా బ్యాంకులు చెక్కు క్లియరింగ్‌కు రాగానే నంబరు, మొత్తం చెబుతూ ఎస్సెమ్మెస్ పంపుతాయి. ఆపదలచుకున్న చెక్కు గురించి అది వచ్చిందంటే ఫైసలా జరుగుతున్నట్టే. బ్రాంచికి బయల్దేరే సమయం కాదది. ముందు ఫోన్‌లోని బ్యాంకు యాప్‌లోనో, నెట్ బ్యాంకింగ్‌లోనో చెక్కు సేవలు తెరిచి స్టాప్ పెట్టాలి, ఆ తర్వాత బ్రాంచికి ఫోన్ చేయాలి. యాప్ దారి రాత్రి పదింటికైనా పనిచేస్తుంది. ఇచ్చిన రిఫరెన్స్ నంబరును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. కాసేపటికి అదే యాప్‌లో చెక్కు స్థితి చూస్తే అది ఆగిందో, అప్పటికే చెల్లిపోయిందో తెలుస్తుంది.

యాప్ లేనివాళ్లు బ్రాంచిలో కాగితం ఇవ్వాలి. ఖాతా నంబరు, ఆరంకెల చెక్కు నంబరు, తేదీ, మొత్తం, ఎవరి పేరిట రాశారో, ఆపే కారణం, బ్యాంకులో ఉన్న తీరులోనే సంతకం. రెండో ప్రతి మీద బ్రాంచి ముద్రతో పాటు గంట కూడా వేయించుకోండి. తేదీ ఒక్కటే ఉంటే చాలదు. చెక్కు మధ్యాహ్నం రెండింటికి చెల్లి, మీ కాగితం అదే రోజు అందిందని మాత్రమే ఉంటే, ఏది ముందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఈ విషయంలో బ్యాంకింగ్ పరీక్షలు రాసేవాళ్లు నేటికీ చదువుకునే పాత ఇంగ్లండ్ కేసులు రెండున్నాయి. 1908 నాటి కేసులో ఒక ఖాతాదారు చెక్కు ఆపమని బ్యాంకుకు టెలిగ్రామ్ ఇచ్చాడు. బ్యాంకు మూసేశాక వచ్చిన ఆ టెలిగ్రామ్‌ను పోస్టు డబ్బాలో వేశారు. సిబ్బంది దాన్ని వెంటనే గమనించలేదు, ఈలోపు చెక్కు చెల్లిపోయింది. ఆపమన్న మాట బ్యాంకు దృష్టికి నిజంగా చేరితేనే ఆపినట్టు అని కోర్టు తేల్చింది. అంటే పంపడం వేరు, చేరడం వేరు. అర్ధరాత్రి బ్రాంచి మెయిల్‌కు ఒక ఉత్తరం కొట్టి పడుకున్నవాళ్లు గుర్తుంచుకోవలసిన తీర్పిది. రెండోది 1926 నాటిది. ఖాతాదారు ఆపమన్నది 117283 నంబరు చెక్కు. నిజానికి ఆపవలసింది 117285. రెండో చెక్కు వచ్చినప్పుడు, మొదటిదానికి బదులు ఇచ్చిందేమో అనుకుని బ్యాంకు డబ్బిచ్చేసింది. ఒక్క అంకె తేడాకు నష్టం ఖాతాదారే భరించాడు. ఒకే పేరుకు, ఒకే మొత్తానికి నాలుగు చెక్కులు ఉండవచ్చు కానీ నంబరు మాత్రం ఒక్కదానికే ఉంటుంది. చెక్కు ఇచ్చే ముందు ఫొటో తీసుకునే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. ఫొటో లేకపోతే చెక్కుబుక్కులో మిగిలిన కాగితాల వరస చూసి పోయిన నంబరు పట్టుకోవచ్చు. పుస్తకమే పోతే మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా మొత్తం ఆపించాలి.

ఇక ఏ కారణానికి ఆపవచ్చు? బ్యాంకు దగ్గర ఈ ప్రశ్నకు పెద్ద బరువు లేదు. చెక్కు పోయినా, సరుకు బాగోకపోయినా, తప్పు పేరు రాసినా కారణం అడిగి రాసుకుంటారు, దాని మంచిచెడ్డలు తూచరు. తూచేది చట్టం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. స్టాప్ పెట్టిన చెక్కు "ఖాతాదారు చెల్లింపు ఆపారు" అన్న కారణంతో తిరిగి వెళుతుంది గదా, డబ్బులేక బౌన్సయినది కాదు గదా, కేసెలా అవుతుంది అనుకుంటారు. అవుతుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ దీనికీ వర్తిస్తుందని 1998లో మోదీ సిమెంట్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "చెక్కు వేయొద్దని ముందే చెప్పాను, అయినా వేశాడు" అంటే కేసు నిలవదని 1996 నాటి తీర్పు ఒకటి ఉండేది. ఆ మాటను 1998 తీర్పు కొట్టేసింది. అయినా ఆ పాత నమ్మకం ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది.

అయితే తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఎం.ఎం.టి.సి., మెడ్చల్ కెమికల్స్ మధ్య నడిచిన కేసులో 2001లో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. చెక్కు వచ్చిన నాడు ఖాతాలో సరిపడా డబ్బుందని, బాకీయే లేకపోవడం వంటి న్యాయమైన కారణంతోనే ఆపానని చెక్కు రాసినవారు రుజువు చేయగలిగితే నేరం నిలవదు. రుజువు బాధ్యత మాత్రం వారిదే. కాబట్టి చెక్కు ఆపాక చేయవలసిన అతి ముఖ్యమైన పని, ఖాతాలో ఆ డబ్బు అలాగే ఉంచడం. స్టాప్ పెట్టాం గదా అని సొమ్ము వాడేస్తే, డబ్బులేకే ఆపావన్న ఆరోపణకు జవాబుండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మంలో బట్టల కొట్టు నడిపే ఒకాయన చీరాల వ్యాపారికి 1,40,000 రూపాయల చీరలకు 18వ తేదీ వేసి చెక్కు ఇచ్చాడనుకోండి. 17న సాయంత్రం బేళ్లు విప్పితే 40,000 విలువైన చీరల మీద తడి మరకలున్నాయి. చెక్కు మీది తేదీ రేపటిది కనుక పొద్దుటి దాకా అది చెల్లదు. ఆయన చేతిలో ఉన్నది ఆ రాత్రే. వెంటనే యాప్‌లో స్టాప్ పెట్టాడు. మరకలున్న చీరలను బిల్లు పక్కన పెట్టి ఫొటోలు తీశాడు. చీరాలకు ఫోన్ చేసి సంగతి చెప్పి, అదే మాట బిల్లు నంబరుతో సహా వాట్సాప్‌లో రాశాడు.

ఇక్కడితో ఆగితే ఆయన ఇరుక్కుంటాడు. వివాదం 40,000 గురించే, మిగతా లక్షకు సరుకు బాగానే ఉంది. ఆ లక్ష నిజమైన బాకీ. దాన్ని కూడా బిగబట్టుకుంటే న్యాయమైన కారణం ఉందని ఏ కోర్టులోనూ నిలబడి చెప్పలేడు. అందుకని 18న పొద్దున్నే ఆ లక్షను నెఫ్ట్‌లో పంపాడు. పంపక ముందు ఆయన ఖాతాలో 2,60,000 ఉంది, పంపాక 1,60,000 మిగిలింది. అంటే చెక్కు మొత్తం కన్నా ఇంకా ఎక్కువే. ఆ రోజు స్టేట్‌మెంట్ దాచి, పాత చెక్కు తిరిగి ఇవ్వమని స్పీడ్ పోస్టులో రాశాడు. చెక్కు ఇచ్చాక, బ్యాంకులో వేసేలోపు కొంత బాకీ తీరిపోతే ఆ సంగతి చెక్కు మీద రాయించకుండా పూర్తి మొత్తానికి దాన్ని వేసి 138 కింద కేసు పెట్టడం చెల్లదని 2022లో సుప్రీంకోర్టు దశరథ్‌భాయ్ పటేల్ కేసులో చెప్పింది. అందువల్ల నెఫ్ట్ వెళ్లిన వేళ ఎంత ముందుంటే ఆయనకు అంత బలం.

అయినా అవతలివాళ్లు చెక్కు వేసి, తిరిగొచ్చాక నోటీసు పంపవచ్చు. బ్యాంకు నుంచి సంగతి తెలిసిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు ఇవ్వాలి, అందుకున్నాక చెల్లించడానికి మనకు 15 రోజులుంటాయి. ఆ 15 రోజులూ పట్టించుకోకుండా గడిపేయడం ప్రమాదం. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నోటీసు రాగానే ఫొటోలు, నెఫ్ట్ వివరం, స్టేట్‌మెంట్‌తో వకీలు ద్వారా జవాబివ్వాలి.

ఈ సదుపాయం డిమాండ్ డ్రాఫ్టుకు వర్తించదు. అందులో చెల్లిస్తానని మాటిచ్చేది బ్యాంకే, కనుక కొన్నవారు తగాదా వచ్చిందని దాన్ని ఆపించలేరు. ఉమ్మడి ఖాతాలో సాధారణంగా ఎవరో ఒకరు చెప్పినా చెక్కు ఆపుతారు, ఆ ఆపు ఎత్తేయడానికి మాత్రం అందరి సంతకాలూ అడుగుతారు. స్టాప్‌కు బ్యాంకు రుసుము తీసుకుంటుంది, ఎంతన్నది వాళ్ల చార్జీల పట్టికలో ఉంటుంది.

సకాలంలో సరైన నంబరుతో ఆపమన్నా బ్యాంకు చెల్లించేస్తే, మన ఆజ్ఞ లేకుండా మన డబ్బు తీసిచ్చినట్టే. ఆ మొత్తం తిరిగి జమ చేయమని గంట వేయించుకున్న రశీదు గానీ, యాప్ రిఫరెన్స్ గానీ జతచేసి బ్యాంకుకు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుమేమీ లేదు.