గూగుల్ షేరుకు రెండు పేర్లెందుకు?

అమెరికాలోని నాస్‌డాక్ ఎక్స్ఛేంజీలో గూగుల్ షేరు కోసం వెతికితే GOOG, GOOGL అని రెండు సింబల్స్ కనిపిస్తాయి. రెండింటి పక్కనా ఒకే కంపెనీ పేరుంటుంది: ఆల్ఫాబెట్. గూగుల్ మాతృసంస్థ అదే. ధరల్లో మాత్రం కొద్దిపాటి తేడా ఉంటుంది.

ఆ తేడాకు మూలం ఓటు. GOOGL అంటే క్లాస్ ఏ షేరు, దానికి ఒక ఓటు. GOOG క్లాస్ సి, దానికి ఓటే లేదు. షేరుకు పది ఓట్లున్న క్లాస్ బి కూడా ఉంది. అది ఎక్స్ఛేంజీలో దొరకదు కాబట్టి దానికి సింబలే లేదు. వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పట్టు నిలబడింది ఈ షేర్లతోనే. లాభాల్లో వాటా మూడింటికీ సమానమే. అందుకే ఓటు వేసే ఉద్దేశం లేని చిన్న మదుపరి, నా దృష్టిలో, రెండింట్లో చౌకగా ఉన్నది కొనుక్కోవచ్చు.

పాత ధరలు చూసేవారు ఒకచోట పొరబడతారు. 2014 ఏప్రిల్‌కు ముందు GOOG అంటే క్లాస్ ఏ. క్లాస్ సి వచ్చాక ఆ సింబల్ దానికి వెళ్లింది, క్లాస్ ఏ GOOGL అయింది. అంటే సింబల్ చేతులు మారగలదు.

అనుమానముంటే ఐసిన్ అనే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య చూడాలి. క్లాస్ ఏకి US02079K3059, క్లాస్ సికి US02079K1079. మొదటి ఎనిమిది అక్షరాలు కంపెనీవి, ఆ తర్వాతి రెండు ఏ తరగతి షేరో చెబుతాయి.