ఫొటోలో బిడ్డ కాళ్లు వంకరగా కనిపిస్తే ముందు వయసు చూడండి

నడక వచ్చిన కొత్తలో తీసిన ఫొటోలు చూస్తూ ఇంట్లో ఎవరో ఒకరు అనే మాటే ఇది: "దీనివి దొడ్డికాళ్లలా లేవూ?" ఇక అక్కడి నుంచి కారణాల వెతుకులాట మొదలవుతుంది. చంకన వేసుకుని తిప్పడం వల్లేనని ఒకరు, డైపరు వల్లేనని మరొకరు, తొందరపడి నడిపించారని ఇంకొకరు అంటారు. మామూలుగా ఎదిగే బిడ్డ విషయంలో ఈ మూడూ కారణాలు కావు. ఆ వంపు పుట్టుకతో వచ్చిందే. అది పోయే కాలం కూడా దాదాపు తెలిసినదే.

తల్లి కడుపులో బిడ్డ కాళ్లు ముడుచుకుని ఉంటుంది. అందుకే పుట్టినప్పుడు చీలమండలు దగ్గరికి చేర్చినా మోకాళ్లు ఎడంగానే ఉండి, మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య ఆ వంపు తీరి కాళ్లు నిటారుగా అవుతాయి. అవి అక్కడితో ఆగవు, ఎదురు దిక్కుకు ఒరుగుతాయి. మూడు నాలుగేళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి ఆనుకుని, చీలమండలు దూరంగా ఉంటాయి. ఈ ఒరుగుడు మెల్లగా తగ్గి, సుమారు ఏడేళ్లకు పెద్దవాళ్ల కాళ్ల తీరుకు చేరుతుంది. ఫిన్లాండ్ వైద్యులు సలేనియస్, వాంకా వెయ్యికి పైగా పిల్లల మోకాళ్ల ఎక్స్‌రేలను కొలిచి ఈ క్రమాన్ని 1975లో ప్రచురించారు. పిల్లల ఎముకల వైద్యులు నేటికీ దాన్నే ఆధారంగా తీసుకుంటారు.

అందుకే కాళ్ల ఆకారాన్ని వయసుతో కలిపి చూడాలి. పదహారు నెలల బిడ్డకు దొడ్డికాళ్లుంటే అది ఎదుగుదలే. మూడున్నరేళ్ల బిడ్డకు అదే వంపు ఉంటే వైద్యుడికి చూపించాల్సిన విషయం.

పైగా ఉన్న వంపును ఫొటో ఎక్కువ చేసి చూపిస్తుంది. ఈ వయసులో చాలామంది పిల్లలకు మోకాలి కింది ఎముక కొద్దిగా లోపలికి మెలితిరిగి ఉంటుంది. పాదాలు ముందుకు తిప్పి నిలబడితే మోకాళ్లు పక్కలకు తిరిగిపోతాయి. నిలదొక్కుకోవడానికి పిల్లలు మోకాళ్లు కాస్త వంచి, కాళ్లు ఎడం చేసి నిలబడతారు కూడా. వంగి పక్కకు తిరిగిన మోకాలు ఎదురుగా తీసిన ఫొటోలో విల్లులా పడుతుంది. పెద్దవాళ్లు నిలబడి పైనుంచి తీసిన ఫొటోలో కాళ్లు కురచగా కనబడటంతో ఆ వంపు ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది.

ఇంట్లో సరిగ్గా చూడాలంటే బిడ్డను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. కాళ్లు చాపించి, మోకాలిచిప్పలు రెండూ ఇంటికప్పు వైపు ఉండేలా మెల్లగా తిప్పండి. చీలమండలు ఒకదానికొకటి తగిలించి, మోకాళ్ల మధ్య ఖాళీని టేపుతో కొలవండి. ఆ కొలతను తేదీతో సహా రాసుకోండి. ఫొటో కావాలంటే మోకాలిచిప్పలు ముందుకు ఉండేలా నిలబెట్టి, ఫోనును బిడ్డ మోకాళ్ల ఎత్తులో పట్టుకుని తీయండి. మూడు నాలుగు నెలలకోసారి ఇదే పద్ధతిలో తీస్తే మార్పు ఎటు పోతోందో తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పదకొండో నెలలో నడిచిన పాపకు పదహారో నెలలో కొలిస్తే మోకాళ్ల మధ్య 4 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. రెండు కాళ్ల వంపూ ఒకేలా ఉంది. పాప వయసుకు తగ్గ ఎత్తుంది, నొప్పి లేదు, పరుగులు పెడుతోంది. ఇరవయ్యో నెలలో ఖాళీ 2 సెంటీమీటర్లకు తగ్గింది, రెండేళ్లకు కాళ్లు నిటారుగా ఉన్నాయి. ఈ పాపకు ఎక్స్‌రే అక్కర్లేదు, పట్టీలు అక్కర్లేదు. నూనె రాసి కాళ్లు సాగదీస్తే ఎముక నిటారు కాదు కాబట్టి ఆ పనీ అక్కర్లేదు. ఇదే పాపకు మూడున్నరేళ్లకు మోకాళ్లు ఆనుకుని చీలమండల మధ్య 5 సెంటీమీటర్ల ఖాళీ వచ్చినా అదీ ఆ క్రమంలో భాగమే.

ఇప్పుడు ఇదే పాప కొలత తగ్గకుండా పెరిగిందనుకోండి. రెండేళ్లు దాటాక వంపు ఎక్కువవుతున్నా, మోకాళ్ల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లు దాటినా, ఒక కాలు మాత్రమే వంగినా, కుంటుతున్నా, ఎత్తు బాగా తక్కువగా ఉన్నా పిల్లల వైద్యుడికి చూపించాలి. అప్పుడు వైద్యుడు ముఖ్యంగా రెండు జబ్బులను దృష్టిలో పెట్టుకుంటాడు.

మొదటిది రికెట్స్. విటమిన్ డి, కాల్షియం చాలకపోతే ఎముక మెత్తబడి, శరీర బరువుకు వంగుతుంది. ఈ బిడ్డకు కాళ్లతో పాటు ఇతర గుర్తులు కూడా ఉంటాయి. మణికట్టు దగ్గర ఎముక లావెక్కుతుంది, మాడు ఆలస్యంగా పూడుతుంది, పళ్లు, నడక ఆలస్యమవుతాయి. తల్లిపాలలో విటమిన్ డి చాలా తక్కువ కాబట్టి, పుట్టినప్పటి నుంచి ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు వేయమని పిల్లల వైద్యులు చెబుతారు. రికెట్స్ ఉందో లేదో ఎక్స్‌రే, రక్తపరీక్షలతో తేలుతుంది. వేళకు మందు మొదలుపెడితే చిన్నపిల్లల్లో వంపు చాలావరకు సర్దుకుంటుంది. పరీక్ష లేకుండా ఎక్కువ మోతాదు మందు కొని వేయకండి. విటమిన్ డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు హాని చేస్తుంది.

రెండోది బ్లౌంట్ జబ్బు. ఇందులో మోకాలి కింది ఎముక లోపలివైపు సరిగ్గా ఎదగదు. త్వరగా నడక మొదలుపెట్టిన బొద్దు పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అడుగు వేసినప్పుడల్లా మోకాలు పక్కకు తన్నుకుపోవడం దీని గుర్తు. వయసుతో తగ్గకపోగా పెరుగుతుంది కాబట్టి దీన్ని త్వరగా గుర్తించాలి.

ఇక చదును పాదాల సంగతి. నడక కొత్తలో దాదాపు పిల్లలందరి పాదాలూ చదునుగానే కనిపిస్తాయి. అరికాలి వంపు ఉండాల్సిన చోట కొవ్వు మెత్తగా నిండి ఉంటుంది, కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు వదులుగా ఉంటాయి. అందుకే తడి పాదం ముద్రలో వంపు కనబడదు. అది మెల్లగా ఏర్పడుతూ చాలామందిలో పదేళ్లలోపు స్పష్టమవుతుంది. పరీక్షించడం తేలికే. కాస్త ఎత్తులో ఇష్టమైన బొమ్మ పెట్టి, దాన్ని అందుకోవడానికి బిడ్డ మునివేళ్ల మీద లేచినప్పుడు వెనుక నుంచి చూడండి. అప్పుడు వంపు కనిపిస్తే ఆ పాదం మెత్తనిది, దానికి వైద్యం అక్కర్లేదు. మునివేళ్ల మీద లేచినా పాదం చదునుగానే బిగుసుకుని ఉంటే, లేదా నడిస్తే నొప్పంటే చూపించాలి.

దీనికోసం ప్రత్యేకమైన బూట్లు కొననక్కర్లేదు. మామూలు చదును పాదాలకు అవి వంపు తెచ్చిపెట్టవు. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ 2300 మంది పిల్లల పాదముద్రలు చూసి 1992లో ప్రచురించిన పరిశీలన ఇక్కడ పనికొస్తుంది. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం మందికే ఉన్నాయి. ముందువైపు మూసి ఉన్న బూట్లు వేసుకునేవాళ్లలో అవి మరింత ఎక్కువ. కాబట్టి ఇంట్లో శుభ్రమైన నేల మీద బిడ్డను వట్టి కాళ్లతోనే తిరగనివ్వండి.

వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సి వస్తే తేదీలు వేసిన కొలతలు, ఒకే పద్ధతిలో తీసిన ఫొటోలు, అడుగులు కనిపించేలా తీసిన చిన్న వీడియో వెంట తీసుకెళ్లండి. వంపు తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే వైద్యుడు మొదట అడిగే ప్రశ్న. వాటితో జవాబు అక్కడికక్కడే దొరుకుతుంది, అక్కర్లేని ఎక్స్‌రే తప్పే అవకాశమూ ఉంటుంది.