బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉందా?

2025 అక్టోబరు మొదట్లో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు ఒక హెచ్చరిక జారీ చేశారు. కోల్డ్రిఫ్ సిరప్, బ్యాచ్ ఎస్ఆర్-13, తయారీ 2025 మే, గడువు 2027 ఏప్రిల్. ఈ సీసాలు ఎక్కడున్నా అమ్మకం, వాడకం వెంటనే ఆపాలన్నది దాని సారాంశం.

తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైన జలుబు మందు ఇది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో మూత్రం ఆగిపోయి, కిడ్నీలు పాడై 20 మందికి పైగా పసివాళ్లు చనిపోయారు. తమిళనాడు ప్రయోగశాలలో ఆ బ్యాచ్‌ను పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు తేలింది. ఉండదగ్గ హద్దు 0.1 శాతం. ఆ విషానికి రంగు లేదు, రుచి తియ్యగా ఉంటుంది. సీసాను వెలుగులో పట్టి చూసినా, వాసన చూసినా ఏమీ తెలియదు. దుకాణదారుడి చేతిలో ఉన్న ఆధారమల్లా లేబులు మీది బ్యాచ్ నంబరే.

హెచ్చరిక అందగానే స్టాకిస్టు తన అమ్మకాల రికార్డులో ఆ నంబరు వెతికి, ఏ షాపుకు ఎన్ని సీసాలు పంపాడో జాబితా తీయాలి. షాపువాళ్లు ఉన్నవాటిని అలమార నుంచి తీసి, అమ్మకూడదని రాసి వేరే పెట్టెలో పెట్టాలి. లెక్క రాసి, రసీదు తీసుకుని వెనక్కి పంపాలి. సింకులో పారబోయకూడదు. పారబోస్తే ఎన్ని వచ్చాయో, ఎన్ని అమ్ముడయ్యాయో లెక్క తేలదు. ప్రాణాపాయం ఉన్న ఇలాంటి బ్యాచ్‌ల అమ్మకాన్ని 24 గంటల్లో ఆపి, సరుకును 72 గంటల్లోపు వెనక్కి రప్పించాలన్నది కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మార్గదర్శకం.

వెతుకులాటలో తప్పించుకునేవి అలమార ముందు వరుసలోవి కావు. స్టాకిస్టుకు తిప్పి పంపాలని మూలన పెట్టిన అట్టపెట్టెలోవి, డాక్టరు గారి క్లినిక్‌కు ఇచ్చినవి, పక్క షాపువాళ్లు చేబదులుగా తీసుకెళ్లినవి. కంప్యూటర్‌లో నిల్వ సున్నా అని కనిపించినా చేత్తో తడిమి చూడాల్సిందే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది చివరి మెట్టు. కంపెనీ నుంచి స్టాకిస్టుకు, స్టాకిస్టు నుంచి షాపుకు బిల్లు మీద బ్యాచ్ నంబరు వెంట వస్తుంది. షాపు నుంచి ఇంటికి వెళ్లేటప్పుడే చాలాచోట్ల బిల్లు ఉండదు. అప్పుడు ఆ సీసా ఏ పాప తలగడ పక్కన ఉందో చెప్పగలిగినవాళ్లు ఉండరు. చిల్లర కోసం తొందరపడకుండా బిల్లు అడిగి తీసుకోండి. అందులో బ్యాచ్ నంబరు, సీసా మీది నంబరు ఒకటేనా అని చూసుకోండి. హెచ్చరికలో వచ్చిన మందు ఇప్పటికే పిల్లలకు పట్టి ఉంటే, వాంతులు అవుతున్నా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆ సీసా పట్టుకునే ఆసుపత్రికి వెళ్లండి.