పొడవైన వీడియోలో ప్రకటన ఎక్కడ పడాలి?

యూట్యూబ్‌లో ఒక వీడియో మధ్యలో ప్రకటన రావాలంటే అది కనీసం 8 నిమిషాలుండాలి. 2020 జూలై వరకు ఈ హద్దు 10 నిమిషాలు. అందుకే ఐదు నిమిషాల ముచ్చటను ఎనిమిది నిమిషాలకు సాగదీసేవాళ్ళు మా దోస్తుల్లోనూ ఉన్నారు. ప్రకటన ఆదాయంలో చేసినవాళ్ళకు 55 శాతం వస్తుంది కాబట్టి ఆశ సహజమే. కానీ ప్రకటన పెట్టగానే డబ్బు రాదు, అది వచ్చే సమయానికి చూసేవాళ్ళు మిగిలి ఉండాలి.

బోధన్ శక్కర్‌నగర్‌లో 2015లో మూతపడిన నిజాం షుగర్స్ మీద 12 నిమిషాల వీడియో తీశామనుకుందాం. లెక్క తేలికగా ఉండడానికి వెయ్యిమంది మొదలుపెట్టారని, 4వ నిమిషానికి 600 మంది ఉన్నారని, అక్కడ మిగిలినవాళ్ళలో సగం మంది 9వ నిమిషం దాకా ఉంటారని పెట్టుకుందాం. ప్రకటనలు ఆ రెండు చోట్లే.

4వ నిమిషంలో ఒక పాత కార్మికుడు చెరకు బండ్ల బారుల గురించి చెబుతున్నాడు. మాట సగంలో ఉండగా ప్రకటన పడితే 200 మంది పోయారనుకోండి. మిగిలిన 400లో 9వ నిమిషానికి 200 మందే ఉంటారు. ఆయన మాట ముగించి, దృశ్యం మారేచోట ప్రకటన పెడితే 60 మందే పోయారనుకుందాం. అప్పుడు 540లో సగం, అంటే 270 మంది రెండో ప్రకటన చూస్తారు.

మొత్తం ప్రకటనలు 800కు బదులు 870. తేడా ఇంతేనా అనిపిస్తుంది. మొదటి ప్రకటన ఎలాగూ 600 మందికీ పడింది కదా! అసలు నష్టం చూసిన సమయంలో ఉంది. ఆ ఐదు నిమిషాల్లోనే దాదాపు 525 నిమిషాలు తగ్గిపోయాయి. జనం మధ్యలో వదిలేసే వీడియోను యూట్యూబ్ కొత్తవాళ్ళకు చూపించడం తగ్గిస్తుంది. సాగదీసిన వీడియోకూ ఇదే గతి. ఆ ఒక్కదానికి నాలుగు పైసలు ఎక్కువ రావచ్చు గాని, తర్వాతి వీడియో తెరిచేవాళ్ళు తగ్గుతారు.

2025 మే నుంచి యూట్యూబ్ కూడా మాట మధ్యలో పెట్టిన చోట్లకు ప్రకటనలు తగ్గించి, సహజంగా ఆగే చోట్లకు ఎక్కువ ఇస్తోంది. పైగా మనం గుర్తుపెట్టిన ప్రతిచోటా, ప్రతి ఒక్కరికీ ప్రకటన రాదు. ప్రీమియం చందాదారులకు అసలే రాదు.

జనం పోయింది ప్రకటన వల్లనా, విషయం చప్పగా ఉండడం వల్లనా? స్టూడియోలో ప్రేక్షకులు ఎంతసేపు నిలిచారో చూపే గీత ఉంటుంది. అది మామూలుగా వాలులా మెల్లగా దిగుతుంది. ప్రకటన ఉన్నచోట మెట్టులా దిగితే అనుమానించాలి. ఆ ప్రకటనను అరనిమిషం ముందుకో వెనక్కో జరిపి, జరిపిన తర్వాతి రోజుల గీతను మాత్రమే తీసి చూడాలి. మెట్టు కూడా జరిగితే తప్పు ప్రకటనది. పాతచోటే ఉంటే కత్తెర పట్టాల్సింది వీడియోకే. చూసినవాళ్ళు యాభై మంది కూడా లేకపోతే మాత్రం ఆ గీతను నమ్మలేం, ఇద్దరు ముగ్గురు పోయినా మెట్టులాగే కనిపిస్తుంది.